నాలుగు కాలమ్‌ల పేపర్ కటింగ్: ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలి?

ప్రశ్న: మా తాతగారు నోటు పుస్తకాల్లో అంటించుకున్న పాత తెలుగు పేపర్ కటింగులని ఫోన్‌తో ఫోటోలు తీశాను. ఫోటోలోని అక్షరాలని టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ పెడితే కాలమ్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, ఫోటో కింది రాతలు వార్త మధ్యలోకి వచ్చేస్తున్నాయి. కొన్నిట్లో ఏ కాలమ్ తర్వాత ఏది చదవాలో నాకే తెలియట్లేదు. ఎలా తేల్చుకోవాలి?

సమాధానం:

చదవడం మొదలుపెట్టే ముందు, వార్త కానిదాన్నంతా పక్కకి తీసేయండి. ఫోటో, దాని క్యాప్షన్, గీతల మధ్య పెట్టిన బాక్సు, పెద్ద అక్షరాల్లో ఎత్తి చూపిన మాటలు, 'తరువాయి 7వ పేజీలో' అన్న లైను, కత్తెరకి చిక్కిన పక్క వార్త అంచు, ఇవన్నీ తీసేశాక మిగిలే క్రమం దాదాపు ఎప్పుడూ ఒకటే. హెడ్డింగ్ కింద ఎడమ వైపు కాలమ్‌ని పైనుంచి అడుగుదాకా చదివి, కుడి పక్క కాలమ్ పైకి వెళ్లాలి. మనిషైనా, సాఫ్ట్‌వేరైనా తికమకపడేది వార్త దగ్గర కాదు, దాని మధ్యలో వచ్చి కూర్చున్న వీటి దగ్గర. పేజీ పెట్టే డెస్కులో కూడా ముందు ఫోటోకి, బాక్సుకి చోటు ఖాయం చేసి, మిగిలిన ఖాళీలోకి వార్తని వదులుతారు. చదివేటప్పుడు మనం చేసేది అదే పని, వెనక నుంచి.

ఒక కటింగ్ ఊహించుకుందాం. చెరువుకి గండి పడిన వార్త. పైన చిన్న అక్షరాల్లో 'రాత్రంతా కుండపోత' అని ఒక లైను, దాని కింద నాలుగు కాలమ్‌ల వెడల్పున 'పెద్ద చెరువుకు గండి' అని హెడ్డింగ్. ఒకటో కాలమ్ పైనుంచి కిందిదాకా వార్తే. రెండు, మూడు కాలమ్‌ల పైభాగంలో ఫోటో, దాని కింద అదే వెడల్పున క్యాప్షన్, ఆ కింద మళ్లీ వార్త. నాలుగో కాలమ్‌లో పైనుంచి సగం దాకా వార్త. మూడు, నాలుగు కాలమ్‌ల అడుగున గీతలు కొట్టిన బాక్సు. అందులో 'నాలుగేళ్లుగా మరమ్మతుల్లేవు' అని వేరే హెడ్డింగ్, దాని కింద రెండు చిన్న కాలమ్‌లు. మన తెలుగు పేపర్లలో ఇలాంటి పేజీ అమరిక సర్వసాధారణం.

చాలా పాత పద్ధతి సాఫ్ట్‌వేర్లు తెల్ల ఖాళీలని చూసి పేజీని కోస్తాయి. అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి ఖాళీ దొరికితే అక్కడ, నిలువుగా పైనుంచి కిందికి దొరికితే అక్కడ. మన కటింగ్‌లో హెడ్డింగ్ అడ్డంగా తేలిగ్గానే విడిపోతుంది. ఒకటో కాలమ్ పక్కన నిలువు ఖాళీ నిండుగా ఉంది కాబట్టి అదీ విడిపోతుంది. చిక్కు ఆ తర్వాతే. రెండు, మూడు కాలమ్‌ల మధ్య సందుని పైన ఫోటో మూసేసింది. మూడు, నాలుగు కాలమ్‌ల మధ్య సందుని కింద బాక్సు మూసేసింది. పోనీ అడ్డంగా కోద్దామంటే ఫోటో పక్కన నాలుగో కాలమ్ వార్త నడుస్తోంది, బాక్సు పక్కన రెండో కాలమ్ వార్త నడుస్తోంది. ఎటూ కోయలేని స్థితి. ఇక్కడే ప్రోగ్రాం ఏదో ఒక దారి పట్టేసి, మూడో కాలమ్ నుంచి నేరుగా బాక్సులోకి దిగిపోతుంది, లేదా లైన్లని అడ్డంగా కలిపేస్తుంది.

ఇప్పుడు ఫోటోని క్యాప్షన్‌తో సహా, బాక్సుని దాని హెడ్డింగ్‌తో సహా తెల్ల రంగుతో కప్పేసి చూడండి. రెండు సందులూ పైనుంచి కిందిదాకా తెరుచుకుంటాయి. నాలుగు కాలమ్‌లు, నాలుగు ముక్కలు, ఎడమ నుంచి కుడికి. బాక్సుని విడిగా తీసుకుంటే అది మళ్లీ ఒక చిన్న పేజీ: హెడ్డింగ్, ఎడమ కాలమ్, కుడి కాలమ్. ఫోన్‌లో ఫోటో ఎడిట్ చేసే ఏ యాప్‌తోనైనా తెల్ల రంగు పూయొచ్చు.

అతుకు సరిపోయిందో లేదో చూడటం

ఊహ వేశాక రుజువు కావాలి. ఒక కాలమ్ చివరి లైను, తర్వాతి కాలమ్ మొదటి లైను పక్కపక్కన రాసుకుని చదవండి. తెలుగులో ఇది ఎంతో తేలిక, ఎందుకంటే మన వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. కాలమ్ అడుగున 'చేసి', 'పడటంతో', 'అధికారులు' లాంటి మాట దగ్గర ఆగిందంటే వాక్యం నడుస్తూనే ఉందన్నమాట.

మన చెరువు వార్తలో ఒకటో కాలమ్ చివర 'గండి పడటంతో దిగువనున్న పొలా' అని ఉందనుకోండి. మాటే సగంలో తెగింది. తెలుగు పేపర్లలో లైను చివర మాట తెగినప్పుడు కొన్నిట్లో హైఫన్ కనిపిస్తుంది, కొన్నిట్లో కనిపించదు, కాబట్టి హైఫన్ కోసం వెతక్కండి. ఎదురుగా మూడు చోట్లున్నాయి. క్యాప్షన్ 'కోతకు గురైన కట్టను పరిశీలిస్తున్న గ్రామస్థులు' అని మొదలవుతోంది. నాలుగో కాలమ్ 'కాగా, చెరువు కింద' అని మొదలవుతోంది. ఫోటో కింద రెండో కాలమ్ 'ల్లోకి నీరు చేరింది' అని మొదలవుతోంది. 'పొలాల్లోకి నీరు చేరింది'. ఇక వాదన లేదు. మాట మధ్యలో తెగిన అతుకంత గట్టి సాక్ష్యం కటింగ్‌లో ఇంకోటి ఉండదు.

రెండో కాలమ్ చివర 'ఇసుక బస్తాలు వేసి', మూడో కాలమ్ మొదట 'ప్రవాహాన్ని ఆపేందుకు ప్రయత్నించారు'. ఇదీ బాగానే కుదిరింది. మూడో కాలమ్ మాత్రం బాక్సు పైన 'అని అధికారులు చెప్పారు.' అని నిండు వాక్యంతో ఆగిపోయింది. ఇక్కడ వ్యాకరణం సాయం చేయదు, నిండు వాక్యం తర్వాత ఏదైనా రావచ్చు. అప్పుడు లైను ఆకారం చూడాలి. చివరి లైను కాలమ్ కుడి అంచుదాకా నిండి ఉందా, మధ్యలోనే ఆగిందా? మధ్యలో ఆగితే పేరా అయిపోయింది. తర్వాతి కాలమ్ మొదటి లైను కాస్త లోపలికి జరిగి మొదలైందా, అంచు నుంచే మొదలైందా? లోపలికి జరిగితే కొత్త పేరా. పాత పేరా ముగిసిన చోటికి కొత్త పేరా మొదలైన చోటు సరిపోతుంది. నాలుగో కాలమ్ లోపలికి జరిగి 'కాగా' అని మొదలైంది. 'కాగా', 'ఇదిలా ఉండగా', 'మరోవైపు' లాంటివి వార్త నడిమధ్యలో వచ్చే మాటలు. వాటితో బాక్సులో వార్త మొదలవడం అరుదు.

వార్త ఎక్కడ మొదలైందో డేట్‌లైన్ చెబుతుంది. ఊరి పేరు, తేదీ వేసి రెండు చుక్కలు పెట్టే ఆ ముక్క వార్తకి ఒకసారే వస్తుంది. కాలమ్ మధ్యలో ఇంకో డేట్‌లైన్ కనిపిస్తే అక్కడి నుంచి వేరే వార్త. వార్త చివరని పట్టుకోవడానికి మన జిల్లా పేజీల అలవాట్లు తెలిసుంటే చాలు. సభలు, సమావేశాల వార్తలు 'ఈ కార్యక్రమంలో ఫలానా ఫలానా తదితరులు పాల్గొన్నారు' అనే ముగుస్తాయి. నేర వార్తలు 'కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు' దగ్గర ఆగుతాయి. మరణ వార్తల్లో 'ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు' అన్నది చివరి వాక్యం, లేదా దానికి ముందుది. మీరు కుదిర్చిన క్రమంలో 'తదితరులు పాల్గొన్నారు' మధ్యలో వచ్చి, దాని తర్వాత ఇంకా రెండు కాలమ్‌ల వార్త నడిస్తే, క్రమం తప్పిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. లేదంటే అక్కడి నుంచి ఇంకో వార్త మొదలైంది.

అడ్డం నిండుగా ఉన్నది, సగమే ఉన్నది

ఫోటో వార్త మధ్యలో ఉంటే, దాని పైన ఉన్న కాలమ్ ముక్క తర్వాత ఫోటోని దాటి కిందికి దిగాలా, పక్క కాలమ్ పైకి వెళ్లాలా? అందరూ తడబడేది ఇక్కడే.

ఫోటో గానీ, బాక్సు గానీ, సబ్‌హెడ్డింగ్ గానీ వార్త మొత్తం వెడల్పునా పరుచుకుని ఉంటే, అది పేజీని పైభాగం, కింది భాగంగా విడగొట్టేస్తుంది. నాలుగు కాలమ్‌ల వార్తకి నాలుగు కాలమ్‌ల ఫోటో నడుమ పెట్టారంటే, పైన ఉన్న నాలుగు పొట్టి కాలమ్‌లూ ఎడమ నుంచి కుడికి ముందు చదివి, ఆ తర్వాతే ఫోటో కిందికి దిగాలి. అదే ఫోటో ఒకటి రెండు కాలమ్‌ల వెడల్పే ఉండి, పక్కన ఇంకో కాలమ్ ఆగకుండా నడుస్తుంటే, అది అడ్డుగోడ కాదు. ఫోటో పైన ఆగిన కాలమ్ ఫోటో కిందే కొనసాగుతుంది. మంచి పేజీ పెట్టేవాళ్లు ఈ రెండో రకాన్ని వీలైనంత తప్పిస్తారు, పాఠకుడు ఫోటో పైన ఆగి పక్కకి వెళ్లిపోతాడని వాళ్లకీ తెలుసు. అందుకే ఫోటోలు ఎక్కువగా హెడ్డింగ్‌కి అంటుకుని పైనో, అడుగునో ఉంటాయి. నడుమ కనిపిస్తే మాత్రం అతుకు పరీక్ష తప్పకుండా చేయండి.

హెడ్డింగ్ వెడల్పు కూడా ఒకోసారి మోసం చేస్తుంది. హెడ్డింగ్ మూడు కాలమ్‌లకే ఉండి, నాలుగో కాలమ్ హెడ్డింగ్ పక్క నుంచే పైకి లేచి ఉంటుంది. హెడ్డింగ్ కింద లేదు కాబట్టి అది వేరే వార్త అనుకుంటాం. మధ్యలో నిలువు గీత ఉందా, అక్షరాల సైజు ఒకటేనా, దానికంటూ వేరే హెడ్డింగ్ ఉందా అని చూడండి. గీతా లేక, హెడ్డింగూ లేక, సైజు ఒకటే అయితే అది ఈ వార్త ఆఖరి కాలమే. మూడో కాలమ్ అడుగు నుంచి హెడ్డింగ్ పక్కనున్న ఆ కాలమ్ పైకి వెళ్లాలి.

సీసం అచ్చుల కాలం నాటి పేపర్లలో ఇంకో సంగతి ఉంది. చాలా పేజీల్లో ఎక్కువగా ఒక్క కాలమ్ వెడల్పు హెడ్డింగులే ఉంటాయి. వార్త కాలమ్ నడుమ మొదలై, అడుగుకి చేరి, పక్క కాలమ్ పైన ఏ హెడ్డింగూ లేకుండా కొనసాగుతుంది. అలాంటి కటింగ్‌లో వార్త హద్దు చెప్పేది హెడ్డింగ్ వెడల్పు కాదు, కాలమ్‌కి అడ్డంగా గీసిన సన్న గీత. ఆ గీత దాకా ఒక వార్త.

కత్తెర పెట్టిన క్రమం

మీవి నోటు పుస్తకంలో అంటించిన కటింగులు కాబట్టి ఇది ముఖ్యం. నాలుగు కాలమ్‌ల వార్త మామూలు నోటు పుస్తకం పేజీలో పట్టదు. అందుకని చాలామంది వార్తని నిలువుగా కోసి, రెండు కాలమ్‌లు పైన, రెండు కాలమ్‌లు వాటి కింద అంటిస్తారు. ఒకోసారి కాలమ్ అడుగు భాగం కత్తిరించి పక్కన పెడతారు. అంటే మీ ఫోటోలో కనిపించేది పేపర్ అమరిక కాదు, తాతగారి అమరిక. పైన చెప్పిన సూత్రాలు పేపర్ అమరికకే పనిచేస్తాయి.

అంచులు దగ్గరగా చూస్తే తేడా తెలిసిపోతుంది. పేపర్లో కాలమ్‌ల మధ్య సందు ఒకే రంగులో, ఒకే వెడల్పుతో ఉంటుంది. కత్తెర పడిన చోట అంచు నీడ పడుతుంది, సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటుంది, అవతల నోటు పుస్తకం రూళ్లు కనిపిస్తాయి. ఇంకో సూచన లైన్ల వరస. ఒకే వార్తలో పక్కపక్క కాలమ్‌ల లైన్లు సాధారణంగా ఒకే ఎత్తులో నడుస్తాయి. ఒక కాలమ్ లైన్లు పక్క కాలమ్ లైన్ల కంటే సగం లైను కిందికి ఉన్నాయంటే, ఆ ముక్క బహుశా విడిగా అంటించిందే. అలాంటప్పుడు ఒక్కో ముక్కని ఒక్కో చిన్న కాగితం అనుకుని, అతుకులతోనే వరస పెట్టాలి. మొదటి ముక్క డేట్‌లైన్ ఉన్నది. దాని చివరి మాటకి ఏ ముక్క మొదటి మాట సరిపోతుందో వెతుక్కుంటూ పోవాలి. రెండు ముక్కలు సమానంగా సరిపోతే బలవంతంగా తేల్చకండి, టైపు చేసిన కాపీలో '[ఇక్కడ వరస అనుమానం]' అని రాసి వదిలేయండి. తర్వాత అదే రోజు పేపర్ దొరికితే చూసుకోవచ్చు.

క్యాప్షన్ ఎక్కడ రాయాలి

టైపు చేసిన కాపీలో క్యాప్షన్ ఎప్పుడూ వార్త వాక్యాల మధ్యకి రాకూడదు. నేనైతే హెడ్డింగులన్నీ అయ్యాక, వార్త మొదలయ్యే ముందు 'ఫోటో:' అని పెట్టి అక్కడ రాస్తాను. కొందరు వార్త చివర పెడతారు. ఏదైనా ఫరవాలేదు, అన్ని కటింగులకీ ఒకే చోటు ఉంటే చాలు. హెడ్డింగ్ పైనున్న చిన్న లైను ముందు, తర్వాత హెడ్డింగ్, దాని కింద ఉపశీర్షికలు, ఇవి అచ్చులో ఉన్న వరసలోనే రాయండి. వార్త మధ్యలో వచ్చే చిన్న సబ్‌హెడ్డింగులు మాత్రం వార్తలో భాగమే, వాటిని కదపకండి. బాక్సు మొత్తం వార్త అయిపోయాక, దాని హెడ్డింగ్‌తో సహా విడిగా.

క్యాప్షన్‌ని గుర్తుపట్టడం కొన్నిసార్లు కష్టం. అక్షరాలు వార్త సైజులోనే ఉంటే, ఫోటో కింది రెండు లైన్లు వార్తలో భాగమేమో అనిపిస్తుంది. లైను వెడల్పు చూడండి. ఫోటో వెడల్పంతా పరుచుకుని రెండు కాలమ్‌లని దాటితే అది క్యాప్షనే, ఎందుకంటే వార్త కాలమ్ హద్దు దాటదు. ఒక్క కాలమ్ ఫోటో అయితే మాట తీరు చూడాలి: 'మాట్లాడుతున్న', 'ప్రారంభిస్తున్న', 'పరిశీలిస్తున్న' అని ఉండి చివర మనిషి పేరుతో ఆగిపోయి, క్రియ లేకుండా ముగిస్తే అది క్యాప్షన్. రెండు ఫోటోలకి కలిపి ఒకే క్యాప్షన్ ఇచ్చినప్పుడు అందులో 'ఎడమ', 'పై చిత్రంలో' అన్న మాటలుంటాయి. ఆ మాటలు ఎక్కడి ఫోటోని చూపిస్తున్నాయో కాపీలో రాసుకోండి, లేకపోతే ఫోటో లేని కాపీలో వాటికి అర్థం ఉండదు.

ఫోటో తీయడం, ఓసీఆర్

ఓసీఆర్‌లో కాలమ్‌లు కలిసిపోవడానికి ఇంకో మామూలు కారణం ఫోటో వాలి ఉండటం. కాలమ్‌ల మధ్య సందు నాలుగైదు మిల్లీమీటర్లే. 30 సెంటీమీటర్ల పొడవున్న కటింగ్ ఒక్క డిగ్రీ వాలినా, పైకీ కిందికీ అర సెంటీమీటర్ తేడా వస్తుంది. అంటే నిట్టనిలువుగా చూసే ప్రోగ్రాంకి ఆ సందు కనిపించకుండా పోతుంది. నోటు పుస్తకం ఒంపు తిరిగి ఉంటే ఇంకా కష్టం. పుస్తకాన్ని చదునుగా తెరిచి, ఫోన్‌ని సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. వదులుగా ఉన్న కటింగులైతే కింద నల్ల కాగితం పెడితే వెనక పక్క అచ్చు ఈ పక్కకి తక్కువగా కనిపిస్తుంది. కటింగ్ మొత్తం అంచులతో సహా ఒక ఫోటో ఉండాలి, వరస తేల్చడానికి అదే ఆధారం. అందులో ఒక్కో కాలమ్ వెడల్పు కనీసం 500 పిక్సెళ్లు రాకపోతే ఒత్తులు సరిగ్గా పడకపోవచ్చు, అప్పుడు దగ్గర నుంచి ఇంకో ఫోటో తీసుకోండి.

వాలు సరిచేసి, కాలమ్ కాలమ్‌గా కోసి, ఒక్కోటి విడిగా ఓసీఆర్‌కి ఇవ్వడమే నమ్మదగ్గ దారి. కంప్యూటర్‌లో ఫోటోలు సరిచేసే ImageMagick, ఓసీఆర్ చేసే Tesseract, దాని తెలుగు డేటా ఉంటే ఒక కాలమ్‌కి ఇలా చేయొచ్చు:

```
magick cutting.jpg -auto-orient -deskew 40% +repage straight.png
magick straight.png -crop 520x1800+0+400 +repage col1.png
tesseract col1.png col1 -l tel --psm 6
```

`520x1800` కోసే ముక్క వెడల్పు, ఎత్తు. `+0+400` అది ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి ఎంత దూరంలో మొదలవ్వాలో చెబుతుంది. మీ ఫోటోని బట్టి ఈ అంకెలు మార్చుకోవాలి. `--psm 6` అంటే 'ఇదంతా ఒకటే ముక్క, కాలమ్‌లు వెతకొద్దు' అని చెప్పడం. ఏమీ చెప్పకపోతే అది సొంతంగా కాలమ్‌లు వెతుకుతుంది, మన చెరువు కటింగ్ లాంటి దాంట్లో అక్కడే బోల్తా పడుతుంది. ఫోటో కింద నుంచి మొదలయ్యే రెండో, మూడో కాలమ్‌లని కోసేటప్పుడు క్యాప్షన్ అడుగు నుంచి కోయండి. మూడు, నాలుగు కాలమ్‌లని బాక్సు గీతకి పైన ఆపండి. ఫైళ్లకి `col1`, `col2` అని చదివే వరసలోనే పేర్లు పెడితే తర్వాత కలపడం తేలిక.

ఓసీఆర్ చేశాక వరస తప్పిందో లేదో మొత్తం చదవకుండానే తెలుసుకోవచ్చు. అతుకుల దగ్గర అటు రెండు లైన్లు, ఇటు రెండు లైన్లు చదివితే చాలు. మన కటింగ్‌లో అతుకులు మూడే. కాలమ్ మధ్యలో కూడా వాక్యాలు పొసగకపోతే, రెండు కాలమ్‌ల లైన్లు అడ్డంగా కలిశాయన్నమాట. దానికి టెక్స్ట్‌ని దిద్దుతూ కూర్చోవడం దండగ, ఫోటోని మళ్లీ కోయడమే త్వరగా అయిపోతుంది.

ఇక కటింగ్ అంచున సగం సగం అక్షరాలతో మిగిలిన పక్క వార్త ముక్కలు. వాటిని టైపు చేయకండి, కానీ ఫోటోలోంచి కోసేయకండి కూడా. తేదీ లేని కటింగ్‌కి తేదీ కనుక్కోవాలంటే ఒకోసారి ఆ అంచున ఉన్న సినిమా ప్రకటనో, వెనక పక్క మార్కెట్ ధరలో ఆధారమవుతాయి. వదులుగా ఉన్న కటింగులకి వెనక పక్క కూడా ఒక ఫోటో తీసి, అదే పేరుతో పక్కన పెట్టుకోండి.